చుండ్రుకి మందు షాంపూ ఐదు నిమిషాలు ఎందుకు ఉంచాలి, ఎలా ఉంచాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్ చీటీ మీద కీటోకోనజోల్ షాంపూ రాసి పంపితే, బిల్లు వేసి చేతికిచ్చే లోపు నేను చెప్పగలిగేది రెండు మాటలే: "వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగండి." ఆ రెండు మాటలు చాలవని నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. "తగ్గలేదు, వేరేది ఇవ్వండి" అని వస్తారు. చాలావరకు అక్కడ తేడా మందులో ఉండదు, తలస్నానం చేసిన తీరులో ఉంటుంది. జనం అడిగే ప్రశ్నలకి కౌంటర్ దగ్గర నిలబడి చెప్పలేని జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ముఖ్యంగా కీటోకోనజోల్ 2 శాతం షాంపూ గురించి, పెద్దవాళ్లలో వచ్చే మొండి చుండ్రు గురించి. డాక్టర్లు దీన్నే సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు.

మామూలు షాంపూలాగా రుద్ది వెంటనే కడిగేస్తే ఏమవుతుంది?

డబ్బు దండగ అవుతుంది. మామూలు షాంపూ పని మురికిని, జిడ్డుని పట్టుకుని నీళ్లతో పాటు వెళ్లిపోవడం. అది ఎంత త్వరగా పోతే అంత మంచిది. మందు షాంపూలో నురగ వచ్చే సరుకుతో పాటు ఫంగస్‌ని అణిచే మందు కూడా ఉంటుంది. ఆ మందు చర్మాన్ని తాకి, అక్కడే కాసేపు నిలబడితేనే పని మొదలవుతుంది.

చుండ్రు వెనక ఉన్న ఫంగస్ పేరు మలసీజియా. ఇది బయటి నుంచి అంటుకున్నది కాదు. దాదాపు ప్రతి మనిషి తల మీదా ఉంటుంది. తనకి కావలసిన కొవ్వుని అది సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకే మన చర్మంలో ఊరే జిడ్డు మీద బతుకుతుంది. ఆ జిడ్డుని విరగ్గొట్టి తనకి పనికొచ్చే భాగం తినేసి, మిగిలిన ఆమ్లాలని చర్మం మీద వదిలేస్తుంది. కొంతమంది చర్మానికి ఆ ఆమ్లాలు పడవు. ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పై పొర తొందర తొందరగా ఊడి పొట్టులా రాలుతుంది. ఒకే ఇంట్లో ఒకే సబ్బు, ఒకే నీళ్లు వాడే అన్నదమ్ముల్లో ఒకరికి చుండ్రు ఉండి ఇంకొకరికి లేకపోవడానికి కారణం ఇదే.

కీటోకోనజోల్ ఆ ఫంగస్ కణం చుట్టూ ఉండే పొర సరిగా తయారవకుండా అడ్డుకుంటుంది. అయితే ఆ ఫంగస్ జుట్టు పొడవునా ఉండదు. మాడు మీద, పొట్టు కింద, వెంట్రుక మొదట్లో ఉంటుంది. మందు అక్కడిదాకా దిగాలి, దిగాక పై పొరకి కొంత అంటుకోవాలి. ఆ అంటుకున్నదే తర్వాత రోజుల్లో కూడా కాస్త కాపలా కాస్తుంది. షాంపూ అట్ట మీద 3 నుంచి 5 నిమిషాలు అని రాసేది ఇందుకే.

సరే, వరుసగా చెప్పండి. బాత్రూంలోకి వెళ్లాక ఏం చేయాలి?

జడ విప్పి, చిక్కు తీసుకుని వెళ్లండి. తడిసిన జుట్టులో చిక్కు తీయడం కష్టం, పైగా వేళ్లు మాడుదాకా వెళ్లవు. తల మొత్తం బాగా తడపండి. తలలో నూనె ఉంటే ముందు మామూలు షాంపూతోనో కుంకుడు రసంతోనో ఒకసారి రుద్ది, జిడ్డు పోయేదాకా కడిగేయండి. ఇది మందు కోసం చోటు ఖాళీ చేయడం అన్నమాట. తర్వాత చేతులతో జుట్టు పిండి, కారే నీళ్లు తీసేయండి. నీళ్లు ఓడుతున్న తల మీద షాంపూ వేస్తే పలచబడి మెడ మీదకి జారిపోతుంది.

ఇప్పుడు మందు షాంపూ అరచేతిలో పోసుకుని, రెండు చేతులకీ పులుముకోండి. తల మీద ఒక్కచోట గుమ్మరించొద్దు. నడినెత్తిన పాపిట తీసి అక్కడ వేళ్ల కొసలతో రుద్దండి. తర్వాత కుడిపక్క ఒక పాపిట, ఎడమపక్క ఒకటి, వెనక మెడ మీద నుంచి పైకి ఒకటి. పొడవు జుట్టు ఉన్నవాళ్లకి ఈ నాలుగూ తప్పనిసరి. చెవుల వెనక మడత, నుదురు మీద జుట్టు మొదలయ్యే అంచు, మెడ వెనక అంచు మర్చిపోతారు. పొట్టు ఎక్కువగా పట్టేది అక్కడే.

గోళ్లతో గీరొద్దు. గీరితే ఆ పూట హాయిగానే ఉంటుంది కానీ చర్మం చిట్లి, మందు తగలగానే మండుతుంది, తర్వాత చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. జుట్టు చివర్లకి మందు షాంపూ పట్టించాల్సిన పని లేదు. కడిగేటప్పుడు కారే నురగే వాటికి చాలు.

తల మొత్తం నురగ పట్టాక చేతులు కడుక్కుని గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలయ్యాక తల వెనక్కి వాల్చి, నురగ కళ్లల్లో పడకుండా బాగా కడిగేయండి. కళ్లల్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి.

ఐదు నిమిషాలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

చివరి పాపిటలో రుద్దడం అయిపోయాక. షాంపూ చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి కాదు. పొడవు జుట్టుకి నాలుగు పాపిటలూ రుద్దడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముందే లెక్క మొదలుపెడితే వెనక భాగానికి మిగిలేది రెండు నిమిషాలే.

ఇంకో మాట. తల మీద నురగతో కళ్లు మూసుకుని నిలబడితే ఒక నిమిషం కూడా చాలాసేపులా అనిపిస్తుంది. "ఐదు నిమిషాలు ఉంచానండీ" అని నమ్మకంగా చెప్పేవాళ్లలో చాలామంది నిజంగా ఉంచేది నిమిషం, నిమిషంన్నర. కాబట్టి అంచనా మీద వదిలేయకండి. ఫోన్‌లో టైమర్ పెట్టి కిటికీ గట్టు మీద ఉంచండి. ఆ ఐదు నిమిషాల్లో ఒంటికి సబ్బు రుద్దుకోండి, కాళ్లు తోముకోండి. తల మీద మాత్రం నీళ్లు పడకూడదు. షవర్ కింద నిలబడే అలవాటు ఉంటే అది కట్టేయాలి, లేకపోతే మందు ఎప్పుడో కాలవలో కలిసిపోతుంది.

ఎంత షాంపూ తీసుకోవాలి?

కురచ జుట్టుకి ఒక టీ చెంచా, అంటే సుమారు 5 మి.లీ. పొడవు జుట్టుకి రెండు చెంచాలు. ఇంట్లో ఉన్న చెంచాతో ఒక్కసారి కొలిచి అరచేతిలో పోసి చూడండి. తర్వాత కంటికే తెలుస్తుంది.

సీసా ఖరీదు చూసి పొదుపుగా వాడేవాళ్లు చాలామంది. మీరు సరిగా వాడుతున్నారో లేదో సీసానే చెబుతుంది. రెండు చెంచాల లెక్కన వారానికి రెండుసార్లు వాడితే నెలకి ఎనిమిది స్నానాలు, సుమారు 80 మి.లీ. 100 మి.లీ. సీసా నెల చివరికి అడుగంటి ఉండాలి. సగానికి పైగా మిగిలిందంటే మాడుకి అందాల్సింది అందలేదన్నట్టే.

మాది బోరు నీళ్లు. నురగ సరిగా రాదు. పని చేస్తుందా?

చేస్తుంది. మన వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, నురగ తక్కువే వస్తుంది. కానీ ఫంగస్‌ని అణిచేది నురగ కాదు, మందు. నురగ దాన్ని నలుమూలలా పరచడానికి సాయం చేస్తుంది, అంతే. నురగ రాలేదని సీసా సగం ఒంపేయొద్దు. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలిస్తే రెండోసారి నురగ దానంతటదే బాగా వస్తుంది. వేళ్లకి జారుడుగా తగులుతుంటే చాలు, మందు అక్కడ ఉన్నట్టే.

తలకి నూనె పెట్టకపోతే ఎలా? ఎండిపోయే పొట్టు రాలుతోంది కదా?

నాకు అన్నిటికన్నా ఎక్కువగా వాదన జరిగేది ఈ ప్రశ్న దగ్గరే. పొట్టు చూడగానే చర్మం ఎండిపోయిందనుకోవడం సహజం. అమ్మలు, అవ్వలు నేర్పింది కూడా అదే. కానీ ఈ రకం చుండ్రులో చేత్తో తాకి చూడండి: పొట్టు పసుపు ఛాయలో, కాస్త జిడ్డుగా వేలికి అంటుకుంటుంది. అది పొడితనం కాదు. పైన చెప్పినట్టు, కొవ్వు మీద బతికే ఫంగస్‌కి మనమే రోజూ నూనె వడ్డిస్తున్నాం. రాత్రి పెట్టిన నూనెతో పొట్టు తలకి అతుక్కుని రాలడం కనిపించదు, తగ్గిందనుకుంటాం. కడిగిన మర్నాడు మళ్లీ మామూలే.

ఇంకో నష్టం కూడా ఉంది. జిడ్డు గిన్నె మీద పోసిన నీళ్లు అంటకుండా జారిపోయినట్టు, నూనె తల మీద మందు కూడా చర్మానికి అంటదు. నూనె తల మీద నేరుగా మందు షాంపూ వేస్తే అందులోని నురగ సరుకంతా ఆ నూనెని వదిలించడానికే ఖర్చయిపోతుంది.

కాబట్టి చికిత్స జరిగే ఆ నాలుగు వారాలు మాడుకి నూనె ఆపండి. జుట్టు గరుకుగా అనిపిస్తే చివర్లకి మాత్రం రెండు చుక్కలు రాసుకోండి, మాడుకి తగలకుండా. పొట్టు మందంగా అట్టకట్టి ఉంటే దాన్ని మెత్తబరచడానికి స్నానానికి గంట ముందు అక్కడికి మాత్రమే కాస్త నూనె రాసి, మామూలు షాంపూతో పూర్తిగా వదిలించి, అప్పుడు మందు షాంపూ వేయొచ్చు. రాత్రంతా ఉంచే నూనె, మర్నాడు ఆఫీసుకి నూనె తలతో వెళ్లడం, ఈ రెండూ వద్దు. పండగ రోజు తలంటు మానాలని నేను ఎవరికీ చెప్పను. ఆ పూట నూనె పెట్టుకున్నా, అదే స్నానంలో శుభ్రంగా వదిలించేస్తే ఇబ్బంది లేదు.

నెల రోజులు వాడాను, తగ్గలేదు. మందు మార్చాలా?

మార్చేముందు ఎలా వాడారో చూద్దాం. మా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. తిరుచానూరు వైపు బట్టల అంగడిలో పనిచేస్తారు, నడుం దాకా జడ. సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "అన్నా, ఇది నకిలీదేమో చూడు, నెల అయింది, దురద అట్లే ఉంది" అన్నారు. సీసా వెలుతురుకి పట్టి చూశాను. 100 మి.లీ. సీసాలో మూడు వంతులు అలాగే ఉంది.

"అక్కా, ఎన్నిసార్లు పోసుకున్నారు తలకి?"

"నువ్వు చెప్పినట్లే, వారానికి రెండుసార్లు. ఒక్క వారం కూడా తప్పలేదు."

అంటే ఎనిమిది స్నానాలకి ఖర్చయింది సుమారు 25 మి.లీ. ఒక్కోసారికి మూడు మి.లీ. నడుం దాకా జుట్టుకి అది ఏ మూలకీ చాలదు. ఇంకాస్త అడిగితే మిగతాది తెలిసింది. రోజూ రాత్రి కొబ్బరినూనె పెట్టి జడ వేసుకుంటారు. పొద్దున ఆ నూనె తల మీదే ఈ షాంపూ వేసి, ముడి చుట్టి, ముడి మీద రుద్ది, ఒళ్లు రుద్దుకునే లోపు కడిగేస్తారు. అంగడి తెరిచే టైం కదా, ఐదు నిమిషాలు నిలబడే తీరిక లేదు. మందు పడింది జుట్టు మీద, దురద ఉంది మాడు మీద.

మేం మార్చింది మందుని కాదు. ముందుగా రోజులు మార్చాం: పనికి తొందర ఉండే పొద్దున కాకుండా, ఒకటి శుక్రవారం ఎలాగూ తలస్నానం చేస్తారు కాబట్టి అది, రెండోది సోమవారం సాయంత్రం. రాత్రి నూనె ఆపేశారు, అది ఒప్పించడానికే ఎక్కువసేపు పట్టింది. మామూలు షాంపూ ముందు, తర్వాత రెండు చెంచాల మందు షాంపూ, నాలుగు పాపిటలు, వెనక వైపు రుద్దడానికి వాళ్ల అమ్మాయి సాయం, ఫోన్‌లో టైమర్.

రెండో వారానికి దురద చాలావరకు పోయింది. పొట్టు పలచబడింది, జాకెట్టు భుజం మీద రాలడం తగ్గింది. చెవుల వెనక ఎరుపు మాత్రం నాలుగో వారం దాకా పట్టింది, అది ఎప్పుడూ చివరికే పోతుంది. ఆ సీసా నాలుగు వారాలు నిండకముందే అయిపోయింది, ఇంకొకటి తీసుకెళ్లారు.

మీరు కూడా తగ్గలేదనుకుంటే ఇవి చూసుకోండి: సీసాలో ఎంత మిగిలింది, నూనె ఉందా, టైమర్ పెట్టారా. ఈ మూడూ సరిగా ఉండి నాలుగు వారాలు వాడినా మార్పు లేకపోతే, అప్పుడు మందు గురించి కాదు, అసలు జబ్బు ఇదేనా అన్నదాని గురించి డాక్టర్‌ని అడగాలి.

ఎక్కువసేపు ఉంచితే త్వరగా తగ్గుతుందా? అరగంట ఉంచొచ్చా?

వద్దు. షాంపూలో మందుతో పాటు డిటర్జెంట్ లాంటి సరుకు కూడా ఉంటుంది. అది అరగంట తల మీద ఉంటే చర్మం మండి, ఎండి, నిజంగానే పొడి పొట్టు మొదలవుతుంది. అప్పుడు చుండ్రు పెరిగిందనుకుని ఇంకా ఎక్కువ వాడతారు. రోజూ వాడితే కూడా ఇదే జరుగుతుంది. ఐదు నిమిషాలు, వారానికి రెండుసార్లు, మధ్యలో మూడు రోజుల ఎడం. అంతకు మించి కావాలంటే డాక్టర్ చెప్పాలి.

ఎన్నాళ్లు వాడాలి? ఆపితే మళ్లీ వస్తుందా?

మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, వారానికి రెండుసార్లు. తగ్గాక వారానికి ఒకసారో, రెండు వారాలకి ఒకసారో పట్టు తప్పకుండా వాడుతూ ఉండాలి. ఆ మధ్య రోజుల్లో మీ మామూలు షాంపూ, కుంకుడు, శీకాయ ఏదైనా వాడుకోవచ్చు.

పూర్తిగా ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. ఇది చెప్పగానే ముఖం చిన్నబుచ్చుకుంటారు, నాకూ బాధగానే ఉంటుంది, కానీ దాచి లాభం లేదు. ఫంగస్ మన తల మీద కాపురం ఉండేదే. మందు దాన్ని తగ్గిస్తుంది, వెళ్లగొట్టదు. నిద్ర చాలనప్పుడు, పరీక్షల టెన్షన్‌లో, చలికాలంలో ఇది తిరగబెట్టడం మామూలే. మళ్లీ దురద మొదలైన వారంలోనే రెండుసార్ల పద్ధతికి వెళితే త్వరగా అదుపులోకి వస్తుంది. భుజాల మీద రాలేదాకా ఆగితే మళ్లీ నెల పడుతుంది.

కొండకి వెళ్లి గుండు చేయించుకుంటే పోతుందా?

మన ఊళ్లో ఈ ప్రశ్న అడగనివాళ్లు ఉండరు. మొక్కు మొక్కే, దాన్ని తీర్చుకోవడం మీ ఇష్టం. చుండ్రు సంగతి మాత్రం వేరే. జుట్టు పోయినంత మాత్రాన మాడు మీద జిడ్డు ఊరడం ఆగదు, ఫంగస్ పోదు. కొన్నాళ్లు తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ కడగడం తేలిక, పొట్టు ఇరుక్కోవడానికి జుట్టు లేదు. జుట్టు మొలిచాక మామూలే.

ఒక మేలు మాత్రం నిజం: గుండు మీద మందు నేరుగా చర్మానికి తగులుతుంది. అర చెంచా చాలు. కాకపోతే కత్తి గాట్లు ఉంటాయి. కల్యాణకట్ట నుంచి వచ్చిన రోజే మందు షాంపూ వేయొద్దు, భగ్గుమంటుంది. గాట్లు మానేదాకా మూడు నాలుగు రోజులు ఆగండి. గంధం రాసుకుంటే అది ముందు కడిగేయండి. ఎండలో గుండు కమిలి ఎర్రబడితే అది తగ్గేదాకా కూడా ఆగాలి.

రుద్దేటప్పుడు చేతికి జుట్టు వస్తోంది. షాంపూ వల్లేనా?

మనందరికీ రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేస్తే మూడు రోజులవి ఒకేసారి చేతికి వస్తాయి, అందుకే భయంగా కనిపిస్తాయి. దురదతో గీరడం, వాపు ఉండటం వల్ల కూడా కొంత ఊడుతుంది, చుండ్రు తగ్గాక అదీ తగ్గుతుంది. కీటోకోనజోల్ కొద్దిమందికి జుట్టుని గరుకుగా చేస్తుంది, అరుదుగా రంగు మారుస్తుంది. చివర్లకి మామూలు కండిషనర్ రాసుకుంటే చాలు. ఒకేచోట నాణెమంత బట్టతల కనిపిస్తే మాత్రం అది వేరే సమస్య, చూపించుకోండి.

కనుబొమ్మల్లో, ముక్కు పక్కన, గడ్డంలో కూడా పొట్టు ఉంది. అక్కడ వాడొచ్చా?

ఉన్నది అదే జబ్బయితే వాడొచ్చు. తల మీద నురగనే వేలితో తీసి కనుబొమ్మలకి, గడ్డం మొదళ్లకి రాసి, తలతో పాటే కడిగేయండి. ముఖం చర్మం పలచన, కాబట్టి అక్కడ మూడు నిమిషాలు చాలు, అంటే తల లెక్క మొదలైన రెండు నిమిషాలకి ముఖానికి రాయండి. కంటి రెప్పలకి వద్దు. ముఖానికి విడిగా క్రీము కావాలా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి.

నాకు వేరే మందు షాంపూ రాశారు. దానికీ ఐదు నిమిషాలేనా?

అట్ట చూడండి, ఒక్కోదానికి ఒక్కో లెక్క. సైక్లోపిరాక్స్ అయితే సుమారు మూడు నిమిషాలు. సెలీనియం సల్ఫైడ్ రెండు మూడు నిమిషాలు ఉంచి, కడిగి, మళ్లీ ఒకసారి అదే పని చేయమంటారు. సెలీనియంతో ఒక జాగ్రత్త ఉంది: వేసుకునే ముందు ఉంగరాలు, కమ్మలు, గొలుసులు తీసేయండి, నగలు పాడవుతాయి. తెల్ల జుట్టుకి, రంగు వేసిన జుట్టుకి రంగు మారే అవకాశం కూడా ఉంది. అందుకే చాలా బాగా, ఎక్కువ నీళ్లతో కడగాలి. రెండు రకాల మందు షాంపూలు కలిపి ఒకే స్నానంలో వాడొద్దు.

మా అబ్బాయికి ఏడేళ్లు. తలలో పొట్టు, ఒకచోట జుట్టు ఊడింది. ఇదే షాంపూ వాడమంటారా?

షాంపూ మీద ఆధారపడి రోజులు వృథా చేయకండి. బడికి వెళ్లే వయసు పిల్లల్లో పెద్దవాళ్ల రకం చుండ్రు అరుదు. పొట్టుతో పాటు గుండ్రంగా జుట్టు ఊడి, వెంట్రుకలు మొదట్లో విరిగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తలకి వచ్చే తామర కావచ్చు. అక్కడ ఫంగస్ వేరు, అది వెంట్రుక లోపలికి దూరుతుంది. షాంపూ ఎంతసేపు ఉంచినా లోపలికి చేరదు. దానికి కొన్ని వారాలు నోటి మందు వాడాలి, డోసు పిల్లవాడి బరువుని బట్టి డాక్టరే రాయాలి. షాంపూ అక్కడ చేసే సాయం వేరేవాళ్లకి అంటకుండా తగ్గించడం వరకే. ఉబ్బి, మెత్తగా, చీము కారే గడ్డలా ఉంటే ఆ రోజే తీసుకెళ్లండి. దాన్ని సెగ్గడ్డ అనుకుని కోయించొద్దు. ఆలస్యమైతే అక్కడ మచ్చ పడి జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు. మన ఊరి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఖర్చుకి వెనకాడి ఇంట్లోనే ఉండిపోకండి.

ఇన్నాళ్లూ స్టెరాయిడ్ లోషన్ రాసుకున్నాను. అది ఆపి ఇది మొదలుపెట్టాలా?

ఒక్కసారిగా ఆపొద్దు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా మానేస్తే ఎరుపు, దురద రెట్టింపుగా తిరగబడతాయి, ఆ నింద ఈ షాంపూ మీద పడుతుంది. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ, దానితో పాటే షాంపూ మొదలుపెట్టడం పద్ధతి. ఎలా తగ్గించాలో రాసిన డాక్టర్‌నే అడగండి. ఎవరూ రాయకుండా, పక్కింటివాళ్లు చెప్పారని షాపులో కొనుక్కున్న ట్యూబ్ అయితే దాన్ని కూడా డాక్టర్‌కి చూపించండి, దాచకండి.

గర్భిణులు వాడొచ్చా? కీటోకోనజోల్ కాలేయానికి మంచిది కాదని విన్నాను.

కాలేయం గురించి మీరు విన్నది మాత్ర రూపంలో మింగే కీటోకోనజోల్ సంగతి. ఆ హెచ్చరిక నిజమే. తలకి వేసి కడిగేసే షాంపూ నుంచి రక్తంలోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. అయినా కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మీ డాక్టరమ్మకి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

ఇది చుండ్రు కాదేమో అని ఎలా అనుమానించాలి?

పొట్టు వెండిలా తెల్లగా, మందంగా ఉండి, ఎర్రటి మచ్చకి అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే, అది నుదురు మీదకి జుట్టు దాటి వస్తుంటే, మోచేతుల మీద, మోకాళ్ల మీద కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. దానికి మందులు వేరు. దురద రాత్రుళ్లు ఎక్కువై, వెంట్రుకకి అంటుకున్న తెల్లచుక్కలు లాగినా రాకపోతే అవి ఈపులు, పేల మందు కావాలి. చుండ్రు పొట్టు అయితే వేలితో తడితే రాలిపోతుంది. రంగు వేసుకున్న రెండు రోజులకే దురద మొదలైతే ఆ రంగుని అనుమానించండి.

సీసా ఎక్కడ పెట్టాలి?

ఎండ తగలని చోట. మన వేసవిలో బాత్రూం కిటికీ గట్టు పొయ్యిలా కాలుతుంది, అక్కడ వద్దు. గదిలో బీరువాలో పెట్టుకుని స్నానానికి తీసుకెళ్లండి.

దువ్వెన, టవల్ వేరుగా పెట్టుకోవాలా? ఇంట్లోవాళ్లకి అంటుకుంటుందా?

పెద్దవాళ్ల చుండ్రు అంటుకోదు. భార్యాభర్తలు ఒకే దిండు వాడినా భయం లేదు, దానికోసం ఎవరినీ దూరం పెట్టకండి. పిల్లల తల తామర మాత్రం అంటుకుంటుంది, అప్పుడు దువ్వెన, టోపీ, టవల్ వేరు చేయాలి, ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూపించాలి. ఏ రకమైనా మీ దువ్వెన పళ్ల మధ్య నూనె, పొట్టు కలిసి నల్లగా పేరుకుని ఉంటుంది. మందు షాంపూ వేసుకున్న రోజున దాన్ని వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో తోమి ఆరబెట్టండి.